ఆఫీసులో రక్తదాన శిబిరం: బ్లడ్ బ్యాంకుకు లెటర్ రాసేముందు గీయాల్సిన గీత

ప్రశ్న: మాది గచ్చిబౌలిలో 450 మంది పనిచేసే కంపెనీ. ఆఫీసులోనే రక్తదాన శిబిరం పెట్టించే పని హెచ్‌ఆర్‌లో నాకు అప్పగించారు. ఉదయం 10 నుంచి ఒంటిగంట వరకు టైమ్, టార్గెట్ 150 యూనిట్లు అంటున్నారు. ముందే గూగుల్ ఫామ్‌లో అందరి బ్లడ్ గ్రూపు, జబ్బులు, వాడే మందులు రాయించుకుని లిస్టు బ్లడ్ బ్యాంకుకు పంపాలని, తర్వాత టెస్టు రిపోర్టులు మాకు పంపమని అడగాలని మా మేనేజర్ ఐడియా. లెటర్ ఎలా రాయాలి? ఇంకేం చూసుకోవాలి? మొదటిసారి కావడంతో టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ఆ గూగుల్ ఫామ్ ఇంకా పంపకపోతే పంపకండి. పంపేసి ఉంటే వెనక్కి తీసుకుని, వచ్చిన జవాబులు డిలీట్ చేయండి. లెటర్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

నేను పదకొండేళ్లు ఒక ఛారిటబుల్ బ్లడ్ బ్యాంకులో క్యాంపుల పని చూశాను. ఆరేళ్లుగా ఒక కంపెనీ అడ్మిన్‌లో ఉన్నాను. అంటే ఈ టేబుల్‌కు రెండు వైపులా కూర్చున్నవాణ్ణి. ఆఫీసు క్యాంపుల్లో వచ్చే గొడవలు చాలావరకు ఒక్క దగ్గరే మొదలవుతాయి. కంపెనీ పని ఎక్కడ ఆగిపోతుందో, బ్లడ్ బ్యాంకు పని ఎక్కడ మొదలవుతుందో ముందుగా ఎవరూ చెప్పుకోరు. హాలు, కరెంటు, కుర్చీలు, ఎవరు ఎన్నింటికి రావాలన్న టైమింగ్, టిఫిన్, ఇవన్నీ మీవి. దాత ఆరోగ్య ప్రశ్నల కాగితం చేతిలోకి తీసుకున్న దగ్గర్నుంచి జరిగేదంతా బ్లడ్ బ్యాంకుది. అక్కడ ఒక గీత ఉందనుకోండి. ఆ గీత దాటి మీరుగానీ, మీ మేనేజర్‌గానీ, ఫొటోలు తీసే అబ్బాయిగానీ వెళ్లకూడదు. మీ లెటర్ చేయాల్సిన పని ఈ గీతను రాతపూర్వకంగా గీయడమే.

ముందు ఎవరికి రాయాలో చూడండి. 2020లో రూల్స్ సవరించాక వీటి అధికారిక పేరు ‘బ్లడ్ సెంటర్’ అయింది, మనం మాత్రం ఇంకా బ్లడ్ బ్యాంకు అనే అంటున్నాం. లైసెన్సు ఉన్న ప్రతి బ్లడ్ బ్యాంకూ బయటికొచ్చి క్యాంపు పెట్టలేదు. ప్రభుత్వ బ్లడ్ సెంటర్లు, రెడ్‌క్రాస్, రాష్ట్ర రక్తమార్పిడి మండలి నియమించిన ప్రాంతీయ కేంద్రాలు, ఆ మండలి గుర్తింపు ఉన్న స్వచ్ఛంద లేదా ఛారిటబుల్ సంస్థల బ్లడ్ సెంటర్లు పెట్టవచ్చు. మీకు తెలిసినవాళ్లెవరో ఫలానా ఆసుపత్రి వాళ్లు ఫ్రీగా వచ్చేస్తారన్నా సరే, లైసెన్సు కాపీ, క్యాంపు పెట్టే అర్హత చూపించే కాగితం అడగండి. సక్రమంగా నడిచేవాళ్లు ఒక్క మెయిల్‌తో పంపేస్తారు. నసిగారంటే ఇంకొకరిని చూసుకోవడం మంచిది.

ఇప్పుడు మీ 150 సంగతి. ఇది మీ మేనేజర్‌తో వాదన పెట్టుకోవాల్సిన విషయం కాదు, కాగితం మీద లెక్క చూపిస్తే సరిపోతుంది. క్యాంపుకొచ్చే టీమ్ ఎలా ఉండాలో రూల్స్‌లోనే ఉంది. ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు లేదా రక్తం తీసేవాళ్లు, ముగ్గురు టెక్నీషియన్లు, ఇద్దరు సోషల్ వర్కర్లు, ఇద్దరు అటెండర్లు, ఆరు నుంచి ఎనిమిది మంచాలు. ఇంతమంది ఉంటే మూడు గంటల్లో 50 నుంచి 70 మంది దగ్గర, ఐదు గంటల్లో 100 నుంచి 120 మంది దగ్గర రక్తం తీసుకోగలరు. మీరనుకున్న మూడు గంటల్లో ఒక టీమ్‌తో 150 కుదరదు.

మంచాలు ఇంకో నాలుగు వేసుకుంటే సరిపోతుందిగా అని అడుగుతారు. సరిపోదు, ఎందుకంటే క్యాంపు ఆగేది మంచాల దగ్గర కాదు. సూది గుచ్చాక బ్యాగు నిండటానికి ఐదు నుంచి పది నిమిషాలే పడుతుంది. ఆగేది డాక్టరు దగ్గర. రక్తం ఇచ్చేవాళ్లనే కాదు, చివరికి వెనక్కి పంపాల్సి వచ్చేవాళ్లను కూడా ఆయనే చూడాలి. ఐదు గంటలంటే 300 నిమిషాలు. 120 మంది వస్తే ఒక్కొక్కరికి రెండున్నర నిమిషాలు. అంతకన్నా తగ్గిందంటే ప్రశ్నలు అడగడం మానేసి సంతకాలు పెడుతున్నారని అర్థం. అది మీక్కూడా కనిపిస్తుంది, డాక్టరు టేబుల్ దగ్గర మనిషి కూర్చోకుండానే కదిలి వెళ్లిపోతుంటాడు.

పోయినేడు మా ఆఫీసులో పెట్టిన క్యాంపు లెక్కలు చెబుతాను. 520 మంది ఉద్యోగులు. పేరు ఇచ్చినవాళ్లు 168. ఆ రోజు హాలుకు వచ్చినవాళ్లు 109. రక్తం ఇచ్చినవాళ్లు 85. పది నుంచి మూడు వరకు, అరగంటకు పన్నెండు మంది చొప్పున పది స్లాట్లు పెట్టాం. పదిన్నరకు ఎవరూ లేక టీమ్ ఖాళీగా కూర్చుంది, పన్నెండింటికి ముప్ఫై మంది ఒకేసారి దిగారు. స్లాట్లు పెట్టినా లంచ్‌కి ముందు అందరూ గుంపుగా లేస్తారు, అది మన అలవాటు. అందుకని ఈసారి టీమ్‌లవారీగా పిలవాలనుకుంటున్నాం. మీ 450 మందిలో ఇదే పాళ్లు అనుకుంటే 70, 75 యూనిట్లు రావచ్చు. లెటర్‌లో “80 నుంచి 100 మంది దాతలు రావచ్చని అంచనా” అని రాయండి, టైమ్ పది నుంచి మూడుకు పెంచండి. 150 అని రాస్తే వాళ్లు 150 బ్యాగులతో, రెండు టీమ్‌లతో వచ్చి సగం రోజు గోళ్లు గిల్లుకుంటారు. మరుసటి ఏడాది మీ ఫోన్ ఎత్తరు.

ఎక్కువ తీసుకుంటే ఎక్కువ మేలు అన్న లెక్క కూడా ఇక్కడ అంత సూటిగా పనిచేయదు. ఎర్ర కణాలు బ్యాగులో వాడే ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు నిలవ ఉంటాయి గానీ ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. చిన్న సెంటర్‌కు ఒక్కరోజులో 150 బ్యాగులు వస్తే ప్లేట్‌లెట్లు కొన్ని పారబోయాల్సి రావచ్చు. “ఒక్కరోజులో మీరు ఎన్ని యూనిట్లు వాడుకోగలరు?” అని లెటర్‌లోనే అడగండి. ప్లేట్‌లెట్లు, ప్లాస్మా విడదీయాలంటే తీసిన రక్తం ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు ల్యాబ్‌లో పడాలి. పదింటికి తీసిన మొదటి బ్యాగు, క్యాంపు సాయంత్రం దాకా సాగి ఆపై గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ గడువు చేజారుతుంది. మూడింటికి ముగించమనడానికి ఇదొక కారణం. మధ్యలో ఒకసారి బ్యాగులు పంపించడానికి బండి ఉంటుందా అని కూడా అడగవచ్చు.

తేదీ గురించి. జూన్ 14 ప్రపంచ రక్తదాతల దినం, అక్టోబర్ 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. ఆ రెండు రోజులూ ఊళ్లో ప్రతి కంపెనీ క్యాంపు పెడుతుంది, టీమ్‌లు దొరకవు. నిజంగా కొరత ఉండేది ఎండాకాలంలో, కాలేజీలకు సెలవులిచ్చి విద్యార్థి దాతలు ఊళ్లకు వెళ్లిపోయినప్పుడు. తలసేమియా పిల్లలకు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, వాళ్లకు సెలవులు ఉండవు. ఏప్రిల్, మే నెలల్లో తేదీ ఇస్తామంటే బ్లడ్ బ్యాంకు వాళ్లే మీ వెంట పడతారు.

ఇంకో రెండు విషయాలు మన దగ్గర క్యాలెండర్‌లో తప్పక చూసుకోవాలి. దాత ఖాళీ కడుపుతో గానీ ఉపవాసంతో గానీ ఉండకూడదు, గత నాలుగు గంటల్లో ఏదైనా తిని ఉండాలి. కార్తీక సోమవారం, శ్రావణ శుక్రవారం, రంజాన్ నెల పగటిపూట క్యాంపు పెడితే కావాలని వచ్చినవాళ్లే వెనక్కి వెళ్లాలి. నవంబర్, డిసెంబర్లలో అయ్యప్ప మాలలో ఉన్నవాళ్లు చాలామంది ఒంటిపూట భోజనం చేస్తారు. “నాకేం కాదు స్వామీ” అని వచ్చి పడుకుంటారు, లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి. రెండోది డెంగీ. డెంగీ లేదా చికున్‌గున్యా వచ్చి తగ్గినవాళ్లు ఆరు నెలలు ఇవ్వకూడదు. వానాకాలంలో జ్వరాలు బాగా ప్రబలిన ఏడాది డిసెంబర్‌లో క్యాంపు పెడితే దాతలు తగ్గిపోతారు.

హాలు విషయంలో వాళ్లకు కావలసినవి కొన్నే. ఆగకుండా కరెంటు, మంచి వెలుతురు, చేతులు కడుక్కునే చోటు, డాక్టరు పరీక్షించడానికి తలుపు వేసుకునే గది, రక్తం ఇచ్చాక కూర్చునే జాగా. అంతస్తు మాత్రం ముఖ్యం. గ్రౌండ్ ఫ్లోర్ అయితే మంచిది. లేదంటే స్ట్రెచర్ పట్టే లిఫ్ట్ పక్కన ఉండాలి. ఆరో అంతస్తులో క్యాంటీన్ అందంగా ఉందని అక్కడ పెట్టించిన ఒక కంపెనీలో, కళ్లు తిరిగి పడిపోయినవాణ్ణి కుర్చీతో సహా మెట్ల మీదుగా దింపాం.

కళ్లు తిరగడం గురించి భయపడక్కర్లేదు గానీ ఏర్పాటు ఉండాలి. ఎక్కువగా మొదటిసారి ఇచ్చేవాళ్లకు, సరిగా తినని, నిద్రపోని వాళ్లకు వస్తుంది. మంచం మీద ఉన్నప్పుడు వస్తే నర్సు పక్కనే ఉంటుంది, కాళ్లు ఎత్తి పెడితే నిమిషాల్లో తేరుకుంటారు. ప్రమాదం ఎక్కడంటే, లేచి పదిహేను నిమిషాలు కూర్చోకుండా మీటింగ్ ఉందని నేరుగా వాష్‌రూమ్‌కో మెట్ల దగ్గరికో వెళ్లినప్పుడు. అక్కడ పడితే తల తగులుతుంది. జ్యూస్, బిస్కెట్లు హాలు బయట కాకుండా మంచాల పక్కనే పెట్టండి. అవి తిన్నాకే మనిషి కదలాలి. ఒక వాలంటీర్‌ను ఆ ద్వారం దగ్గరే నిలబెట్టండి, ఆ రోజంతా అతనికి ఇంకో పని చెప్పకండి. వాడిన సూదులు, దూది, గొట్టాలు మీ హౌస్‌కీపింగ్ డబ్బాల్లో పడకూడదు. వాళ్లు తెచ్చిన సంచుల్లోనే వేసుకుని వాళ్లే తీసుకెళ్లాలి, ఇదీ లెటర్‌లో ఒక వాక్యం.

ఇక పరీక్ష సంగతి. “మేమే ముందుగా వడపోస్తే వాళ్లకు పని తగ్గుతుంది కదా” అన్నది మీ మేనేజర్ ఆలోచన అయి ఉంటుంది. పని తగ్గదు. మీరు వడపోసినా డాక్టరు మళ్లీ మొదటి నుంచి అడగాల్సిందే. మీరు చేయగలిగింది, చేయాల్సింది, అందరికీ ముందే ఒక పేజీ పంపడం. అది చదివి ఎవరికి వాళ్లే నిర్ణయించుకుంటారు, కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆ పేజీలో పెట్టాల్సినవి జాతీయ రక్తమార్పిడి మండలి 2017 మార్గదర్శకాల్లో ఉన్నాయి, మీరు ఎంచుకున్న సెంటర్ దగ్గర తాజా ప్రతి తీసుకోండి. వయసు 18 నుంచి 65, మొదటిసారి ఇచ్చేవాళ్లు 60 దాటకూడదు. బరువు కనీసం 45 కిలోలు, అలాంటివాళ్ల దగ్గర 350 మిల్లీలీటర్లు తీస్తారు. 450 తీయాలంటే 55 కిలోలు దాటాలి. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, ఇది ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే. గతంలో ఇచ్చి మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు గడవాలి. టాటూ వేయించుకున్నా, చెవి ముక్కు కుట్టించుకున్నా ఏడాది ఆగాలి. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు, షుగర్‌కు మాత్రలు వాడేవాళ్లు వెంటనే పేరు కొట్టేసుకోనక్కర్లేదు. నాలుగు వారాలుగా మందు, డోసు మారకుండా, బీపీ లేదా షుగర్ అదుపులో ఉంటే డాక్టరు ఒప్పుకోవచ్చు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు ఇవ్వకూడదు.

మీ ఆఫీసుకు ప్రత్యేకంగా తగిలేవి రెండున్నాయి. నైట్ షిఫ్ట్ చేసినవాళ్లు సరిపడా నిద్రపోకుండా ఇవ్వకూడదు. పొద్దున్న ఆరింటికి షిఫ్ట్ దిగి, పదిదాకా క్యాంటీన్‌లో కూర్చుని రక్తం ఇచ్చి వెళదామనుకునేవాళ్లు ప్రతి క్యాంపులోనూ ఉంటారు. వాళ్లకు ఆ వారం స్లాటే ఇవ్వకండి. రెండోది క్యాబ్ డ్రైవర్లు. రక్తం ఇచ్చాక తర్వాతి డ్యూటీకి కనీసం 24 గంటల తేడా ఉండాలి. సాయంత్రం మీవాళ్లను మియాపూర్‌లో దింపాల్సిన మనిషిని మధ్యాహ్నం మంచం ఎక్కించకూడదు. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్ల విషయంలో ఇంకొకటి జరుగుతుంది, దాన్ని గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. నంబర్ తక్కువ పడుతోందనగానే వాళ్ల కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌ను పిలిచి పదిమందిని పంపమంటారు. కాదనలేక వస్తారు. పన్నెండు గంటలు నిలబడ్డ మనిషి అలా వచ్చి ఇచ్చేదాన్ని స్వచ్ఛందం అనలేం. వాళ్లు రావాలనుకుంటే మీ ఉద్యోగుల్లాగే సొంతంగా స్లాటు తీసుకోవాలి. ప్రశ్నల కాగితం తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడింటిలోనూ తెమ్మని లెటర్‌లో అడగండి.

ఇప్పుడు గుట్టు సంగతి. మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఆ కాగితం మీద ఉండే ప్రశ్నలు మామూలువి కావు. కామెర్లు, క్షయ, మూర్ఛ, గర్భం, గర్భస్రావం, నెలసరి, లైంగిక సంబంధాలు అన్నీ ఉంటాయి. 2017 మార్గదర్శకాల ప్రకారం స్వలింగ సంబంధాలున్న మగవాళ్లనూ, ట్రాన్స్‌జెండర్లనూ శాశ్వతంగా వద్దంటారు, దీన్ని సుప్రీంకోర్టులో సవాలు కూడా చేశారు. ఆ నియమం మీద మీ అభిప్రాయం, నా అభిప్రాయం ఏదైనా కావచ్చు. ఆఫీసులో ఒక మనిషి తన జీవితంలో ఎవరికీ చెప్పని సంగతి ఆ కాగితం మీద ఒక టిక్కు మార్కు దూరంలో ఉంది. ఆ కాగితాన్ని పక్క సీటు వాడి భుజం మీంచి చూడగలిగే చోట నింపిస్తే ఏమవుతుంది? నిజం రాయరు. నిజం రాయకపోతే ఆ రక్తం ఎక్కించుకునేవాళ్లకు ముప్పు. హెచ్ఐవీ లాంటివి సోకిన తొలి రోజుల్లో టెస్టుకు దొరకవు, అప్పుడు కాపాడగలిగేది ఆ ప్రశ్నకు వచ్చే నిజమైన జవాబు మాత్రమే. గుట్టు కాపాడటం మర్యాద కోసమే అనుకుంటారు చాలామంది. రోగి ప్రాణం కూడా దాని మీదే ఆధారపడి ఉంది.

అందుకని నింపే బల్లలు దూరదూరంగా వేయించండి. పరీక్ష గదికి తలుపు ఉండాలి. హిమోగ్లోబిన్ చూసే టెక్నీషియన్ “మేడమ్, మీకు రక్తం తక్కువుంది” అని హాలంతా వినపడేలా అరవకూడదని టీమ్ లీడర్‌కు పొద్దున్నే చెప్పాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నేను చూసిన క్యాంపుల్లో సగానికి పైగా జరిగేది ఇదే.

మా బ్లడ్ బ్యాంకు రోజుల్లో జరిగిన ఒక సంగతి, ఆ తప్పులో నా చేయి కూడా ఉంది. ఒక కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు సర్టిఫికెట్లన్నీ కట్టగా తమకే ఇమ్మన్నారు, ఫంక్షన్ పెట్టి పంచుతామన్నారు. ఇచ్చాను. వాళ్లు టోకెన్ లిస్టుతో సరిచూసుకుని, వచ్చి కూడా సర్టిఫికెట్ లేనివాళ్ల పేర్లు విడిగా రాశారు. చెడు ఉద్దేశం ఏమీ లేదు, పేరు తప్పిపోయిందేమోనని అడగడానికే. అందులో ఒకతన్ని వాళ్ల లీడ్ అందరి ముందూ “ఏంటి బ్రదర్, నీ రక్తం తీసుకోలేదంట?” అని అడిగాడు. అతను మూర్ఛకు మందులు వాడుతున్నాడు. ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు, ఆ పూట నుంచి అందరికీ తెలిసింది. మూడు నెలలకు వేరే కంపెనీకి మారిపోయాడని తర్వాత విన్నాను.

అప్పట్నుంచి సర్టిఫికెట్ దాత చేతికే ఇప్పిస్తున్నాను. ఇంకా చూస్తే, వెనక్కి వెళ్లినవాళ్లను పట్టించేవి చాలా ఉంటాయి. రక్తం ఇచ్చినవాళ్లకే టీ షర్టు ఇస్తే, టీ షర్టు లేకుండా హాల్లోంచి వచ్చినవాడెవడో ఫ్లోరంతా చూస్తుంది. ఇచ్చినవాళ్లకే సగంపూట సెలవు అన్నా అంతే, పైగా అది ఆశ చూపించినట్టవుతుంది, సెలవు కోసం నిజం దాచేవాళ్లు ఉంటారు. హాలుకు వచ్చిన ప్రతివాళ్లకూ ఒకే బ్యాడ్జి, ఒకే టిఫిన్ ఇవ్వండి. వెసులుబాటు ఏదైనా ఇస్తే క్యాంపుకు వచ్చినందుకే ఇవ్వండి. వెనక్కి పంపినవాళ్లూ కాసేపు జ్యూస్ దగ్గర కూర్చుని అందరితో పాటు బయటికి వచ్చేలా దారి ఒకటే ఉంచండి. మా దగ్గర పోయినేడు 24 మంది ఇవ్వకుండా వెళ్లారన్నాను కదా, వాళ్లెవరో, ఎందుకో నాకు తెలియదు. అంకె మాత్రమే అడిగాను. మామూలుగా అయితే, ముఖ్యంగా ఆడవాళ్లలో, హిమోగ్లోబిన్ తక్కువ కావడమే పెద్ద కారణం.

టెస్టు రిపోర్టులు మీకు పంపమని అసలు అడగకండి. తీసిన ప్రతి యూనిట్‌కూ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. ఒక మనిషి హెచ్ఐవీ స్థితిని అతని అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం నిషేధిస్తుంది. యజమాని కోరాడన్నది మినహాయింపు కాదు. మీరడిగితే మంచి సెంటర్ ఇవ్వదు, ఇచ్చే సెంటర్ అయితే దాని దగ్గర క్యాంపే పెట్టించకూడదు. “పేర్లు వద్దు, మొత్తం మీద ఎంతమందికి వచ్చిందో చెప్పండి” అని కూడా అడగవద్దు. 450 మంది ఆఫీసులో ‘ఇద్దరికి పాజిటివ్’ అన్న మాట బయటికొస్తే, సాయంత్రానికల్లా ఆ ఇద్దరు ఎవరన్నది ప్రతి టీ బల్ల దగ్గర తేల్చేస్తారు, అదీ తప్పుగా.

ఏదైనా తేడా కనిపిస్తే సెంటర్ వాళ్లు దాతనే నేరుగా పిలిచి, కౌన్సెలింగ్ చేసి, నిర్ధారణకు ప్రభుత్వ పరీక్షా కేంద్రానికి పంపుతారు. బ్యాగు మీద చేసే పరీక్ష తొలి వడపోత మాత్రమే, అక్కడ తేడా వచ్చిన ప్రతివాళ్లకూ జబ్బు ఉందని కాదు. ఆ పిలుపు ఎక్కడికి వెళుతుందన్నది మీరు చూసుకోవాలి. ఫామ్‌లో సొంత మొబైల్ నంబరే రాయమని చెప్పండి. ఆఫీసు మెయిల్, ఎక్స్‌టెన్షన్ నంబరు వద్దు. ఒకసారి ఒక బ్లడ్ బ్యాంకు నుంచి ఆఫీసు రిసెప్షన్‌కు ఫోన్ వచ్చింది, “ఫలానా ఆయన్ని ఒకసారి మా కౌన్సెలర్‌ను కలవమనండి” అని. రిసెప్షన్‌లో అమ్మాయికి ఇంకేమీ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

ఇంకో మాట, హెచ్ఐవీ టెస్టు ఉచితంగా అయిపోతుందని క్యాంపుకు వచ్చేవాళ్లు ఉంటారు. మీరు పంపే పేజీలో ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో ఆ టెస్టు ఉచితంగా, గుట్టుగా చేస్తారని ఒక వాక్యం రాయండి. అలాంటివాళ్లు అక్కడికి వెళ్లడమే అందరికీ మంచిది.

మీ గూగుల్ ఫామ్‌లో ఇక మిగిలేది పేరు, రావాలనుకునే టైమ్ స్లాటు. అంతే. బ్లడ్ గ్రూపు కూడా వద్దు, అక్కడ వాళ్లు ఎలాగూ చూస్తారు. క్యాంపు అయిన వారానికి ఆ షీటు తీసేయండి.

లెటర్ ఇంగ్లిష్‌లో పంపినా తెలుగులో పంపినా విషయం ఇదే. మా ఆఫీసు నుంచి పంపినదాన్ని మీకు సరిపోయేలా మార్చాను:

“మెడికల్ ఆఫీసర్ గారికి,

మా కార్యాలయంలో ఫలానా తేదీన ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 వరకు స్వచ్ఛంద రక్తదాన శిబిరం నిర్వహించాలని కోరుతున్నాం. ఆ తేదీ కుదరకపోతే మరో రెండు తేదీలు కింద ఇచ్చాం. 80 నుంచి 100 మంది దాతలు రావచ్చని అంచనా. ఒక్కరోజులో మీరు వినియోగించుకోగలిగిన యూనిట్లు ఎన్నో తెలిపితే స్లాట్లు ఆ మేరకే ఇస్తాం.

గ్రౌండ్ ఫ్లోర్‌లో హాలు, తలుపు ఉన్న పరీక్ష గది, జనరేటర్ కరెంటు, నీటి వసతి, బల్లలు, కుర్చీలు, దాతలకు అల్పాహారం మేము ఏర్పాటు చేస్తాం. మంచాలు, పరికరాలు, అత్యవసర మందులు, వ్యర్థాల తరలింపు మీరు చూసుకోవాలని కోరుతున్నాం. హాలు చూడటానికి శిబిరానికి వారం ముందు మీ ప్రతినిధిని పంపగలరు.

దాతల ఎంపిక పూర్తిగా మీ డాక్టరు నిర్ణయం. దాతల ఆరోగ్య వివరాలుగానీ, వెనక్కి పంపిన కారణాలుగానీ, పరీక్ష ఫలితాలుగానీ మా సంస్థ కోరదు, దయచేసి మాకు పంపవద్దు. ఫలితాల విషయంలో దాతను సొంత మొబైల్‌లో మాత్రమే సంప్రదించగలరు. సర్టిఫికెట్లు దాతలకే నేరుగా ఇవ్వగలరు. శిబిరం తర్వాత మొత్తం వచ్చినవారు, సేకరించిన యూనిట్లు, ఈ రెండు అంకెలు మాకు చాలు.

లైసెన్సు, శిబిరం నిర్వహణ అర్హత పత్రాల ప్రతులు, ఆ రోజు వచ్చే డాక్టరు, సిబ్బంది సంఖ్య, తెలుగు, హిందీ, ఇంగ్లిష్ ప్రశ్నావళి నమూనాలు, శిబిరం తర్వాత దాతలు ఫోన్ చేయడానికి ఒక నంబరు పంపగలరు.”

చివర్లో అడిగిన ఆ నంబరు ఎందుకంటే, రక్తం ఇచ్చిన రాత్రి ఎవరికైనా జ్వరం రావచ్చు, లేదా హాల్లో మొహమాటపడి చెప్పని విషయం ఇంటికెళ్లాక గుర్తుకు రావచ్చు. “నా బ్యాగు వాడకండి” అని కారణం చెప్పకుండా చెప్పే దారి వాళ్లకు ఉండాలి. ఆ నంబరును దాతలకు ఇచ్చే చీటీ మీదే అచ్చు వేయించండి.

లెటర్ కనీసం నాలుగు వారాల ముందు పంపండి. మెయిల్ పంపి ఊరుకుంటే అది అక్కడే పడి ఉంటుంది, మరుసటి ఉదయం క్యాంపు ఇన్‌ఛార్జికి ఫోన్ చేయండి. పదకొండు తర్వాత చేయకండి, అప్పటికి ఆయన ఏదో ఒక క్యాంపులో ఉంటాడు.